పెట్టెలు పోయిన బేరింగులు ఆన్‌లైన్‌లో పెట్టాలంటే

ప్రశ్న: బీకాం అయిపోయింది. మాది బేరింగుల షాపు. పెట్టెలూ లేబుళ్లూ పోయిన సరుకు 600 ముక్కల దాకా ఉంది. నాన్నగారు చేత్తో పట్టుకుని చెప్పేస్తారు, నాకు తెలియదు. దీన్ని ఆన్‌లైన్‌లో పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ పని ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: వెర్నియర్, మెత్తటి గుడ్డ, తెల్ల కాగితం, ఫోన్ ఉంటే చాలు. ముందు ప్రతి ముక్కకీ ఒక చీటీ రాయండి: A1, A2 అని వరసగా. ఫొటోలో చీటీ కూడా పడాలి. సాయంత్రానికి ఏ ఫొటో ఏ ముక్కదో గుర్తుండదు.

బేరింగు పేరు దాని రింగు పక్కనే చెక్కి ఉంటుంది. పొడి గుడ్డతో తుడవండి, కిరోసిన్‌లో మాత్రం ముంచకండి. మూత ఉన్న బేరింగులో లోపలి గ్రీజు కొట్టుకుపోతుంది. ఫ్లాష్ వేస్తే ఉక్కు మెరిసి అక్షరాలు కనబడవు. ఫ్లాష్ ఆపేసి, ఇంకో ఫోన్ టార్చి పక్క నుంచి, దాదాపు బల్లకి ఆనించినట్టు పట్టుకోండి. గీతల్లో నీడ పడి అంకెలు తేలతాయి.

ఒక ముక్క మీద "6?03 ZZ" అని కనబడింది, మధ్య అంకె అరిగిపోయింది అనుకుందాం. చివరి 03 అంటే లోపలి రంధ్రం 17 మి.మీ. కానీ 6003, 6203, 6303 మూడింటికీ రంధ్రం అదే. బయటి కొలతే తేలుస్తుంది: 35 వస్తే 6003, 40 వస్తే 6203, 47 వస్తే 6303. మీ వెర్నియర్ 40 చూపించి, వెడల్పు 12 వస్తే 6203 అని రాసేయవచ్చు. చాలా రిటర్న్‌లకి దారితీసే పొరపాటు ఇక్కడే, రంధ్రం ఒక్కటే కొలిచి నంబరు వేసేయడం.

అంకెల తర్వాతి అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే షీటులో ఎక్కించండి. ZZ అంటే రెండు వైపులా రేకు మూత. రబ్బరు మూతకి ఒక కంపెనీ 2RS అంటే, ఇంకొకటి DDU అంటుంది. C3 ఉంటే వదలకండి. లోపల ఖాళీ ఎక్కువున్న రకం అది, చాలా మోటార్లకి అదే కావాలి.

బ్రాండు గడిలో ముక్క మీద చదవగలిగింది మాత్రమే రాయండి. కంపెనీ గుర్తు కనబడకపోతే "బ్రాండ్ లేదు" అని పెట్టండి. నాన్నగారు "ఇది ఫలానా కంపెనీదే" అన్నా సరే, దాన్ని పక్కన వేరే గడిలో "నాన్న చెప్పింది" అని రాసి ఉంచండి, లిస్టింగులోకి రానివ్వకండి. లేని బ్రాండు పేరుతో అమ్మితే కస్టమర్ వదిలినా ఆ కంపెనీ వదలదు. తుప్పు మచ్చ ఉన్న ముక్కని కొత్తదిగా పెట్టకండి.

రెండో రోజు నుంచి రోజుకి 40 చేస్తే ఇంకో 15 పనిదినాల్లో అయిపోతుంది. మొదటి రోజు 10 చాలు. వాటిని నాన్నగారికి చూపించి సరిచూసుకోండి.

ఉద్యోగం సంగతికొస్తే, ఆన్‌లైన్ అమ్మకాల సంస్థల్లో క్యాటలాగ్ ఎగ్జిక్యూటివ్ చేసే పని ఇదే. ఇంటర్వ్యూకి ఆ షీటులోంచి ఇరవై వరసలు, వాటి ఫొటోలు తీసుకెళ్లండి. అరిగిపోయిన అంకెని మీరెలా తేల్చారో అడిగితే వెర్నియర్ కొలతలతో సహా చెప్పండి.