పాత స్ప్రింగ్ సాగిపోయింది, బాడీ పొడవు, హుక్ టు హుక్ పొడవు ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న: మిర్యాలగూడలో మా రైస్ మిల్లు జల్లెడకు ఉన్న లాగే స్ప్రింగ్ సాగిపోయింది. కొత్తది చేయించడానికి హుక్ టు హుక్ ఎంతని అడుగుతున్నారు. ఎలా లెక్కేయాలి?

జవాబు: సాగిన స్ప్రింగ్‌కు టేపు పెట్టకండి, చుట్ల మధ్య వచ్చిన సందులు కూడా కొలతలో కలిసిపోతాయి. చుట్లు లెక్కపెట్టి, దానికి ఒకటి కలిపి, తీగ మందంతో గుణించండి. చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండే స్ప్రింగ్‌కు బాడీ పొడవు అదే.

ఉదాహరణకు తీగ 2 మి.మీ., చుట్లు 30, బయటి వ్యాసం 16 మి.మీ. అనుకుందాం. బాడీ 31 × 2 = 62 మి.మీ. లోపలి వ్యాసం 16 − 4 = 12.

చివరి చుట్టునే పైకి వంచి చేసిన నిండు హుక్ అయితే, బాడీ నుంచి హుక్ లోపలి అంచు దాకా దాదాపు ఆ లోపలి వ్యాసమంతే వస్తుంది. రెండు వైపులా కలిపితే 62 + 24 = 86 మి.మీ. సగం హుక్ అయితే ఒక్కోటి సుమారు 6, మొత్తం 74 దగ్గర. మెడ సాగదీసిన పొడవు హుక్‌కు లెక్క లేదు, కొలవాల్సిందే.

ఈ 86 హుక్‌ల లోపలి అంచుల మధ్య దూరం. బయటి నుంచి బయటికి అడిగితే 90 అవుతుంది. ఏది కావాలో ముందే అడగండి, తేడాలన్నీ అక్కడే వస్తాయి.

తీగను మాత్రం తుప్పు గీకేసి వెర్నియర్‌తోనే కొలవండి. 0.1 మి.మీ. తప్పినా బాడీ 3 మి.మీ. మారిపోతుంది.