రెండోసారి ఎక్కిన పట్టీ ఒక్కటే కనబడాలంటే

*కర్నూలు యార్డులో ఉల్లి మండీలో లెక్కలు రాస్తాను. ఎక్సెల్‌లో ఒకే పట్టీ నంబరు రెండు మూడు సార్లు ఎక్కిపోతోంది. Duplicate Values పెడితే అసలుదీ ఎర్రగా అవుతోంది, మళ్లీ ఎక్కిందీ ఎర్రగా అవుతోంది. మొదటిది వదిలేసి తర్వాతవి మాత్రమే చూపించేలా చేయొచ్చా?*
*– మండీ గుమాస్తా, కర్నూలు*

చేయొచ్చు. పక్కన ఒక ఖాళీ కాలమ్, అందులో ఒక చిన్న ఫార్ములా చాలు. మీ షీట్‌లో మొదటి వరుస హెడింగులు, B కాలమ్‌లో పట్టీ నంబర్లు, E కాలమ్‌లో రైతుకు ఇవ్వాల్సిన డబ్బు, F ఖాళీగా ఉందనుకుందాం. F2 లో ఇది కొట్టండి.

```
=COUNTIF($B$2:B2,B2)
```

ఎంటర్ కొట్టాక ఆ గడి కింది కుడి మూలలో చిన్న చతురస్రం కనిపిస్తుంది. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే ఫార్ములా కింది దాకా దిగిపోతుంది. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే అక్కడి నుంచి చేత్తో లాగండి.

మీరు వాడిన Duplicate Values కాలమ్ మొత్తాన్ని ఒకేసారి చూస్తుంది. ఈ నంబరు ఇంకెక్కడైనా ఉందా అన్నదొక్కటే దానికి కావాలి. ఉంటే రెండూ దోషులే. మన ఫార్ములా మాత్రం పాతకాలం గుమాస్తా పద్దు పుస్తకంలో వేలు పెట్టి వెతికినట్టు, పైనుంచి ఈ వరుస దాకానే చూస్తుంది. కింది వరుసల సంగతి దానికి తెలియదు. కాబట్టి మొదటిసారి వచ్చిన పట్టీకి ఎప్పుడూ 1 అనే చెబుతుంది. అదే నంబరు మళ్లీ తగిలితే 2, ఆ తర్వాత 3.

ఏడు వరుసలతో చూద్దాం. నంబర్లు, డబ్బు నేను ఊహించి వేసినవే.

```
వరుస   B        E       F
2     K-1041   22500   1
3     K-1042   18400   1
4     K-1043    9750   1
5     K-1042   18400   2
6     K-1044   31200   1
7     K-1041   25200   2
8     K-1042   18400   3
```

F5 మీద క్లిక్ చేసి పైన ఫార్ములా బార్‌లో చూడండి. అక్కడ `=COUNTIF($B$2:B5,B5)` అని ఉంటుంది. F8 లో చూస్తే `$B$2:B8` అయ్యుంటుంది. డాలర్ గుర్తున్న కొస మేకు కొట్టినట్టు B2 దగ్గరే ఉండిపోయింది. డాలర్ లేని కొస మాత్రం వరుసతో పాటు దిగుతూ పోయింది. కిటుకంతా ఆ డాలర్లు ఒక కొసకు ఉండి, ఇంకో కొసకు లేకపోవడంలోనే ఉంది.

తప్పు జరిగేదీ అక్కడే. ఫార్ములా కొట్టేటప్పుడు మొదటి B2 మీద కర్సర్ పెట్టి F4 కీ నొక్కితే డాలర్లు వాటంతట అవే వస్తాయి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో Fn తో కలిపి నొక్కాలి. అలవాటు కొద్దీ రెండు కొసలకూ నొక్కేశారనుకోండి, రేంజ్ B2 ఒక్క గడికే బిగుసుకుపోయి, కాలమ్ నిండా దాదాపు అన్నీ సున్నాలు వస్తాయి. అసలు డాలర్లే పెట్టకపోతే ప్రతి వరుసా తనను తానే లెక్కపెట్టుకుని, అన్నీ ఒకట్లే చూపిస్తుంది. దీంతోనే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అన్నీ ఒకట్లే కనబడితే పద్దు శుభ్రంగా ఉందనిపిస్తుంది. ఇక మొదటిసారి వచ్చిన పట్టీకే 2, 3 వస్తుంటే, రేంజ్ మొదటి నుంచే కాలమ్ మొత్తానికి పెట్టేశారని అర్థం.

చాలామంది దీన్ని IF లో పెట్టి, 1 దాటితే "మళ్లీ" అనే మాట వచ్చేలా చేసుకుంటారు. చూడ్డానికి బాగుంటుంది కానీ నేనైతే అంకెనే ఉంచుతాను. మీరు "మళ్లీ" అని కొడతారు, పక్క సీటాయన "మళ్ళీ" అని కొడతాడు. ఎక్సెల్‌కు అవి రెండు వేరు మాటలు, ఆ తర్వాత లెక్క కుదరదు. అంకెకు ఆ తంటా లేదు. పైగా ఎన్నోసారి ఎక్కిందో కూడా తెలుస్తుంది. రెండోసారి ఎక్కిన నంబర్లు మొత్తం ఎంత డబ్బు మీద కూర్చున్నాయో చూడాలంటే ఇది చాలు.

```
=SUMIF(F2:F8,">1",E2:E8)
```

పై ఏడు వరుసలకు 62000 వస్తుంది. 5, 7, 8 వరుసల మొత్తం అది. మీ సేటుకు ఈ ఒక్క అంకె చూపిస్తే చాలు, రంగులు చూపించనక్కర్లేదు.

ఇప్పుడు ఆ వరుసలన్నీ ఒకచోట చూడాలి. హెడింగుల వరుసలో Ctrl+Shift+L కొట్టి ఫిల్టర్ పెట్టండి. F కాలమ్ బాణం నొక్కి Number Filters లోని Greater Than లో 1 ఇవ్వండి. ఫిల్టర్ చేయమంటున్నాను, సార్ట్ కాదు. సార్ట్ చేస్తే వరుసలు తారుమారవుతాయి. ఫార్ములా ఆ కొత్త వరుస ప్రకారం మళ్లీ లెక్కపెట్టుకుంటుంది. అప్పుడు నిన్న 1 అన్న పట్టీ ఈరోజు 2 అవుతుంది.

ఇది నాకు అనుభవమే. మా ఇంట్లో పెళ్లికి పిలుపుల జాబితా ఇలాగే పెట్టుకున్నాం. కార్డు ఇచ్చి వచ్చిన ఇంటికి ఎదురుగా ఒక టిక్కు. ఊర్ల వారీగా సార్ట్ చేశాక నేను 2 ఉన్న వరుసలన్నీ తీసేశాను. పోయినవాటిలో టిక్కు పెట్టిన వరుసలే కొన్ని ఉన్నాయి. నందికొట్కూరులో ఒకింటికి రెండోసారి కార్డు పట్టుకుపోతే, "మొన్ననే తెచ్చినారు కదా నాయనా" అని మంచినీళ్లు ఇచ్చి పంపించారు.

సార్ట్ తప్పనిసరైతే ముందు F కాలమ్‌ను కాపీ చేసి, అక్కడే Paste Special లో Values ఎంచుకోండి. ఫార్ములా పోయి అంకెలు మిగులుతాయి, ఇక మారవు. ఇంకో సంగతి, ఈ ఫార్ములాకు తేదీ తెలియదు, వరుస మాత్రమే తెలుసు. పైన ఉన్నదే మొదటిది దానికి. ఇద్దరు రాసిన షీట్లను ఒకదాని కింద ఒకటి అతికించి ఉంటే, ముందు తేదీ ప్రకారం సార్ట్ చేసి, ఆ తర్వాతే ఫార్ములా వేయండి.

ఇక, కళ్ల ముందే రెండుసార్లు కనబడుతున్న నంబరుకు కూడా 1 అనే వస్తోందా? నంబరు చివర స్పేస్ పడి ఉంటుంది. ఏదైనా ఖాళీ గడిలో `=LEN(B8)` అని కొట్టండి. K-1042 కు 6 రావాలి. 7 వచ్చిందంటే కంటికి కనబడని అక్షరం ఒకటి ఉందని లెక్క. COUNTIF పెద్ద, చిన్న ఇంగ్లీషు అక్షరాల తేడా పట్టించుకోదు కానీ స్పేస్‌ను మాత్రం వదలదు. వేరే కాలమ్‌లో `=TRIM(B2)` తో శుభ్రం చేసి, ఆ కాలమ్‌నే లెక్కపెట్టించండి. వెబ్ పేజీల నుంచి కాపీ చేసిన నంబర్లలో TRIM కు కూడా లొంగని స్పేస్ ఒకటి వస్తుంటుంది. దానికి ఇలా.

```
=TRIM(SUBSTITUTE(B2,CHAR(160)," "))
```

F లో 2 కనబడగానే ఆ వరుస డిలీట్ చేయకండి. పై పట్టికలో 7వ వరుస చూడండి. K-1041 కు పైన 22500 ఉంది, ఇక్కడ 25200. రెండు అంకెలు అటూ ఇటూ అయ్యాయి. ఏది సరైనదో ఫార్ములా చెప్పలేదు. కింద ఉన్నది తప్పని ఏమీ లేదు, పైదే తప్పు కావచ్చు. ఇలాంటివి విడిగా పట్టుకోవడానికి G కాలమ్‌లో నంబరుతో పాటు డబ్బు కూడా కలిపి లెక్కపెట్టించండి.

```
=COUNTIFS($B$2:B2,B2,$E$2:E2,E2)
```

5, 8 వరుసలకు F లోనూ G లోనూ ఒకే అంకె వస్తుంది. అంటే నంబరూ డబ్బూ రెండూ పాతవే, ఒకే పట్టీని మళ్లీ ఎక్కించారన్నమాట. ధైర్యంగా తీసేయొచ్చు. 7వ వరుసకు F లో 2, G లో 1 వస్తుంది. నంబరు పాతదే, డబ్బు కొత్తది. అప్పుడు కట్టలోంచి కాగితం పట్టీ తీసి చూడాల్సిందే. ఒక్కోసారి అది వేరే రైతు పట్టీయే అయ్యుండి, నంబరు కొట్టడంలో పొరపాటు జరిగి ఉంటుంది. 2 చూసి తీసేస్తే ఆయన డబ్బు గల్లంతే.

సీజన్ మొత్తం ఒకే షీట్‌లో రాస్తుంటే ఇంకోటి గమనిస్తారు. వరుసలు పెరిగేకొద్దీ ఫైల్ బరువెక్కుతుంది. ప్రతి వరుసా తన పైనున్నవన్నీ చదవాలి కదా. 4,000 వరుసలకు దాదాపు 80 లక్షల పోలికలు, అది పెద్ద విషయమేం కాదు. 20,000 దాటితే 20 కోట్లు. అప్పుడు ఒక్క గడి మార్చినా కాసేపు ఆగిపోతుంది. సరిచూడడం అయిపోయిన నెలలకు ఇందాక చెప్పినట్టు Values గా మార్చేస్తే తేలికవుతుంది.

ఇది పట్టీ నంబర్లకు బాగా పనిచేసిందని రైతుల బ్యాంకు ఖాతా నంబర్లకూ వేయాలనిపిస్తుంది. అక్కడ మాత్రం COUNTIF ను నమ్మకండి. అంకెల్లా కనబడే దేన్నైనా, మీరు Text గా పెట్టినా సరే, అది సంఖ్యగానే చూస్తుంది. ఎక్సెల్ సంఖ్యల్లో 15 అంకెల వరకే నిజం. 16 అంకెల ఖాతాలు రెండు చివరి అంకెలో మాత్రమే వేరైతే, రెండూ ఒకటే అని 2 వేసేస్తుంది. ఖాతా నంబర్లు H కాలమ్‌లో ఉంటే ఇలా రాయండి.

```
=IF(H2="","",SUMPRODUCT(--($H$2:H2=H2)))
```

ఇది అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. ముందున్న IF ఖాతా ఇవ్వని రైతుల కోసం. అది లేకపోతే ఖాళీ గడులన్నీ ఒకటే ఖాతా అనుకుని వాటికీ 2, 3 అని అంకెలు వేస్తుంది. కాలమ్‌ను మాత్రం నంబర్లు ఎక్కించకముందే Text గా మార్చండి. మామూలు గడిలో 16 అంకెలు కొడితే చివరిది సున్నా అయిపోతుంది. తర్వాత Text గా మార్చినా పోయిన అంకె తిరిగి రాదు, పాస్‌బుక్ చూసి మళ్లీ కొట్టుకోవాల్సిందే.