‘యూజ్డ్ టు’ ముందు ‘యామ్’ ఉందా లేదా?

ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్ళు ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళేముందు నాతో ఒకసారి ఇంగ్లీషులో మాట్లాడి చూసుకుంటూ ఉంటారు. చిన్నచిన్న గ్రామర్ తప్పుల్ని నేను పెద్దగా పట్టించుకోను, ఎదుటివాళ్ళు సర్దుకుని అర్థం చేసుకుంటారు. ‘యూజ్డ్ టు’ వచ్చిన చోట మాత్రం ఆపుతాను. అక్కడ పొరపాటు జరిగితే వాక్యం తప్పుగా వినిపించదు, వేరే అర్థంతో చక్కగా వినిపిస్తుంది.

ఈమధ్య ఒకమ్మాయిని అడిగాను: ఈ ఉద్యోగంలో నైట్ షిఫ్టులు ఉంటాయి, మీకు ఇబ్బందా అని. ‘ఐ యూజ్డ్ టు వర్క్ నైట్ షిఫ్ట్స్’ అంది. నాకు అలవాటే, ఇబ్బంది లేదు అని ఆమె ఉద్దేశం. విన్నవాళ్ళకి అర్థమయ్యేది మాత్రం ‘ఒకప్పుడు చేసేదాన్ని, ఇప్పుడు చేయడం లేదు’ అని. ఇక వచ్చే ప్రశ్న ‘ఎందుకు మానేశారు?’. ఆమె చెప్పాల్సింది ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ నైట్ షిఫ్ట్స్’. ‘యామ్’ చేరింది, ‘వర్క్’ కాస్తా ‘వర్కింగ్’ అయింది. ఈ రెండు మార్పులూ కలిసే రావాలి.

చాలామంది ఒకటి మార్చి రెండోది వదిలేస్తారు. ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్క్ నైట్ షిఫ్ట్స్’ అంటే పాత సంగతో ఇప్పటి అలవాటో వినేవాళ్ళే ఊహించుకోవాలి. పైగా ‘ఈజ్ యూజ్డ్ టు’ తర్వాత మామూలు క్రియ వస్తే ‘ఇందుకు వాడతారు’ అనే మూడో అర్థం కూడా ఉంది: ‘దిస్ కీ ఈజ్ యూజ్డ్ టు ఓపెన్ ద గేట్’. ఆ అర్థంలో ‘యూజ్డ్’ అని ‘జ’ శబ్దం పలుకుతుంది. మనం చెప్పుకుంటున్న మిగతా రెండిట్లో అది దాదాపు ‘యూస్టు’ అనే వినిపిస్తుంది, ‘డ’ చెవికి ఆనదు.

సందేహం వస్తే ఇలా చూసుకోండి. క్రియ తీసేసి ఆ చోట ఒక నామవాచకం పెట్టండి. ‘ఐ యామ్ యూజ్డ్ టు ద నాయిస్’ సరిగ్గా నిలబడుతుంది. అంటే ఇక్కడ ‘టు’ నామవాచకాన్ని కోరుతోంది, అందుకే క్రియ వచ్చినా ‘ఇంగ్’ రూపంలో రావాలి. ‘ఐ యూజ్డ్ టు ద నాయిస్’ అనలేం, కాబట్టి అక్కడ మామూలు క్రియే. అలవాటు ఇంకా పూర్తిగా కాలేదా? ‘ఐ యామ్ గెటింగ్ యూజ్డ్ టు డ్రైవింగ్ హియర్’ అనండి. ఇది కొత్తవాళ్ళకి రోజూ పనికొచ్చే వాక్యం.

ఇక ‘వుడ్’. పాత రోజుల కబుర్లు చెప్పేటప్పుడు ఇంగ్లీషు వాళ్ళు సాధారణంగా మొదట ‘యూజ్డ్ టు’తో కాలాన్ని స్థిరపరిచి, తర్వాత ‘వుడ్’లోకి జారుకుంటారు: ‘వియ్ యూజ్డ్ టు షేర్ ఎ ఫ్లాట్. ఎవ్రీ సండే వియ్ వుడ్ క్లీన్ ఇట్ టుగెదర్.’ మాటల్లో అది ‘వియ్‌డ్’ అని కుదించుకుపోతుంది, చెవి పెట్టి వినాలి.

మనకి చిక్కు ఎక్కడంటే, తెలుగులో ‘చేసేవాణ్ణి’, ‘ఉండేవాణ్ణి’ రెండూ ఒకే అచ్చులో ఉంటాయి. ‘వుడ్’ మాత్రం పదేపదే చేసిన పనులకే. ఉండటం, తెలియడం, ఇష్టపడటం లాంటి స్థితులకి పనికిరాదు. ‘నాకు అప్పట్లో కారు ఉండేది’ అనడానికి ‘ఐ వుడ్ హావ్ ఎ కార్’ అంటే, వీలైతే కారు ఉండేదన్నట్టు వినిపిస్తుంది. అక్కడ ‘ఐ యూజ్డ్ టు హావ్ ఎ కార్’ అనాలి. ముందు కాలం చెప్పకుండా ఉన్నట్టుండి ‘ఐ వుడ్ వాక్ టు వర్క్’ అన్నా ఇదే గందరగోళం.

ఇంటర్వ్యూల్లో నేను ఎక్కువగా వినే తప్పు ఇంకొకటుంది: ‘ఐ యూజ్డ్ టు వర్క్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్’. మూడేళ్ళు అని మొత్తం లెక్క చెప్పాక ‘యూజ్డ్ టు’ అక్కర్లేదు, ‘ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్’ చాలు. ‘రెండుసార్లు వెళ్ళాను’ అన్నప్పుడూ అంతే. లెక్క లేకుండా ‘అప్పట్లో అలా జరిగేది’ అన్నప్పుడే ‘యూజ్డ్ టు’. ఇప్పటికీ చేస్తున్న పనికి అసలు ఇది రాదు. ‘ఐ యూజ్డ్ టు గెట్ అప్ ఎర్లీ’ అన్నారంటే ఇప్పుడు ఆలస్యంగా లేస్తున్నారని అనుకుంటారు. రోజూ పొద్దున్నే లేచేవాళ్ళు ‘ఐ యూజువల్లీ గెట్ అప్ ఎర్లీ’ అనాలి.