తోక ఊపుతున్న కుక్క గుర్రుమనే ముందు ఏం చేస్తుంది

ప్రశ్న: మా ల్యాబ్‌కి నాలుగేళ్ళు, ఎవరినీ ఏమీ అనదు. మొన్న మా అన్నయ్య వాళ్ళ పాప దాని మెడ చుట్టూ చేతులేసి వాటేసుకుంటే తోక ఊపుతూనే సడెన్‌గా గుర్రుమంది. తోక ఊపితే హ్యాపీగా ఉన్నట్టే కదా, మరి ఎందుకలా చేసింది? ముందే కనిపెట్టడం ఎలా?

తోక ఊపుతోంది అంటే దాని మనసు ఊరికే లేదు అన్నంతవరకే తెలుస్తుందండీ, అది సంతోషమా కంగారా చిరాకా అన్నది తోక ఒక్కదాన్ని చూసి చెప్పలేం. ఇక సడెన్‌గా అన్నారు కదా, నాకైతే నమ్మకం లేదు. గుర్రుమనే ముందు మూతి దగ్గరో చెవుల దగ్గరో ఏదో ఒకటి చేసే ఉంటుంది, మీ అందరి చూపూ తోక మీద, పాప మీద ఉండుంటుంది.

మా ఇంట్లో జరిగింది చెప్తా, దాదాపు మీదే కేసు. మాది ఇండీ, ఆడది, పేరు బుజ్జి, వైజాగ్‌లో మా వీధిలోనే పుట్టింది. మా చెల్లి కొడుకు సెలవలకి వచ్చినప్పుడు దాన్ని వాటేసుకుంటుంటే మా చెల్లి ముచ్చటగా ఉందని ఫోన్‌లో వీడియో తీసింది. తర్వాత దాన్ని స్లోమోషన్‌లో పెట్టి చూస్తే ఏది ముందు ఏది తర్వాత అన్నది చక్కగా కనపడింది. వాడు పరిగెత్తుకుంటూ వచ్చేటప్పుడు బుజ్జి నోరు కొంచెం తెరిచి, నాలుక వదులుగా వేలాడేసి, తోక వీపు మీదకి చుట్టుకుని ఉంది, అంటే మామూలుగానే ఉంది. వాడు దాని మీదకి వంగగానే నోరు టక్కున మూసేసింది. వాడి చేతులు మెడ మీద పడగానే మొహం పక్కకి తిప్పుకుంది, నాలుక ఒక్కసారి బయటికొచ్చి ముక్కుని తాకి లోపలికి పోయింది, రెప్పపాటు కూడా లేదు. చెవులు వెనక్కి వాలిపోయాయి. మొహం అటు తిప్పినా చూపు మాత్రం వీడి మీదే ఉంది కాబట్టి కంటి అంచున తెల్లగుడ్డు నెలవంకలా బయటపడింది. ఈలోపు తోక చుట్ట విడిపోయి కిందకి దిగింది, చివర మాత్రం చిన్నగా ఆడుతోంది, మా చెల్లి "చూడు ఎలా ఊపుతోందో" అంటున్న మాట కూడా వీడియోలో వినపడుతుంది. ఆ తర్వాత ఒళ్ళంతా బిగుసుకుపోయింది. నేను గుమ్మంలో నిలబడి ఆ బిగుసుకోవడం చూసి "బుజ్జీ దా" అని పిలిచా, వాడి చేతుల్లోంచి జారుకుని వచ్చి, ఒంటి మీద నీళ్ళు పడ్డట్టు మొత్తం ఒక్కసారి విదుల్చుకుంది. ఇదంతా కొన్ని సెకన్లలో అయిపోయింది. నేను పిలవకపోయుంటే తర్వాత వచ్చేది గుర్రే, మీ ఇంట్లో వచ్చినట్టు.

ఇందులో పెదాలు నాక్కోవడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జనం అస్సలు పట్టించుకోనిది అదే. అన్నం తిన్నాక, నీళ్ళు తాగాక, మీ చేతిలో బిస్కెట్ చూసినప్పుడు నాక్కుంటే అది మామూలే, నాలుక తీరిగ్గా పక్కల నుంచి మూతి అంతా తిరుగుతుంది. కంగారులో వచ్చేది వేరు, తిండి ఊసే లేని చోట నాలుక చివర ఒక్కసారి పైకి ముక్కు దాకా వెళ్ళి వెనక్కి పోతుంది, దాంతోపాటు మొహం తిప్పుకోవడమో నిద్ర రాకుండానే ఆవులించడమో ఉంటుంది. నార్వేకి చెందిన టూరిడ్ రూగాస్ అనే ట్రైనర్ ఇలాంటి వాటికి కామింగ్ సిగ్నల్స్ అని పేరు పెట్టి పాపులర్ చేశారు, అంటే గొడవ వద్దు, కాస్త జరుగు అని కుక్క మర్యాదగా చెప్పుకునే మాటలన్నమాట. అలా అని ఒక్కసారి నాక్కోగానే భయపడిపోకండి. ఎవరూ దగ్గర లేనప్పుడు కూడా అదే పనిగా నాక్కుంటూ, గుటకలు వేస్తూ, గడ్డి కోసం తిరుగుతుంటే అది కడుపులో వికారం అయ్యుండొచ్చు, పంటి నొప్పి కూడా కావచ్చు. అందుకే నాక్కున్న ఆ క్షణానికి ముందు ఏం జరిగిందో చూస్కోవాలి. పాప చెయ్యి వేసినప్పుడు నాక్కుని, చెయ్యి తీయగానే ఆగిపోతే ఇక డౌటే లేదు.

చెవుల విషయానికొస్తే ల్యాబ్‌తో కొంచెం కష్టం, జర్మన్ షెపర్డ్‌కో మా బుజ్జికో అయితే చెవి రిక్కించిందా వాల్చిందా అన్నది రోడ్డు అవతలి నుంచి కూడా కనపడుతుంది, ల్యాబ్ చెవి ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. కాబట్టి చెవి చివర కాదు, మొదలు చూడండి, తలకి అతుక్కునే చోటు. ఏదైనా శబ్దం విని రిక్కించినప్పుడు ఆ మొదలు ముందుకీ పైకీ వచ్చి నుదుటి మీద చిన్న ముడతలు పడతాయి. కంగారు పడితే మొదలు వెనక్కి లాక్కుపోయి తల పైభాగం నున్నగా చదునుగా కనిపిస్తుంది. ఇక్కడొక తిరకాసు ఉంది, మీరు ఆఫీస్ నుంచి ఇంటికి రాగానే కూడా అది చెవులు వెనక్కే పెడుతుంది, కానీ అప్పుడు కళ్ళు సగం మూసుకుని, ఒళ్ళంతా మెత్తగా మెలికలు తిరుగుతూ మీ మీదకి వస్తుంది. చెవులు వెనక్కి, నోరు గట్టిగా మూత, బరువంతా వెనక కాళ్ళ మీద, ఈ మూడూ కలిస్తే అది స్వాగతం కాదు.

తోక చూసేటప్పుడు ముందు మీ కుక్క ఏమీ పట్టనట్టు ఇంట్లో తిరుగుతున్నప్పుడు తోక ఎక్కడ ఉంటుందో గుర్తు పెట్టుకోండి, లెక్క అక్కడి నుంచే మొదలు. ల్యాబ్‌కి మామూలుగా వీపు లెవెల్లోనో కాస్త కిందో ఉంటుంది, మా బుజ్జికి ఎప్పుడూ పైకే చుట్టుకుని ఉంటుంది, స్పిట్జ్ తోకైతే వీపు మీదే పడి ఉంటుంది, ముధోల్ హౌండ్ లాంటి వాటికి సహజంగానే కిందకి. అందుకే మా బుజ్జి తోక వీపు లెవెల్‌కి వచ్చిందంటే చూసేవాళ్ళకి నార్మల్‌గా ఉన్నట్టే ఉంటుంది, నాకు మాత్రం అది దిగిపోయిన తోక. మీ ల్యాబ్ తోక నడుముతో సహా వెడల్పుగా ఊగుతూ, వెనక భాగం అంతా అటూ ఇటూ కదిలితే హాయిగా ఉన్నట్టు. తోక వీపు కన్నా పైకి లేచి, కర్రలా బిగిసి, చివర మాత్రం గబగబా చిన్నగా కొట్టుకుంటుంటే అది బాగా రెచ్చిపోయి ఉంది, దగ్గరికి వెళ్ళొద్దు. కిందకి దించి గబగబా ఊపుతుంటే బతిమాలుకుంటోంది, నన్నేమీ అనకు అని. కుక్క ఇష్టమైనవాళ్ళని చూస్తే తోక తన కుడివైపు ఎక్కువ ఊపుతుందని 2007లో ఇటలీ సైంటిస్టులు వీడియోలు కొలిచి తేల్చారు, దాని మీద వాట్సాప్ ఫార్వర్డ్‌లు బోలెడు తిరుగుతుంటాయి, కానీ మామూలు కంటికి ఆ తేడా తెలియడం కష్టం, ఇంట్లో దాన్ని నమ్ముకోకండి.

ఒక్కటి మాత్రం ఎప్పుడూ మర్చిపోవద్దు, బిగుసుకుపోవడం. రొప్పుతున్న కుక్క సడెన్‌గా రొప్పడం ఆపి, నోరు మూసి, కదలకుండా ఉండిపోయిందంటే పిల్లల్ని తీసెయ్యాల్సింది అప్పుడే. కానీ అరవకండి, కుక్క కాలర్ పట్టి లాగొద్దు, ఆ బిగువులో కాలర్ పట్టుకున్న చెయ్యే ముందు దొరుకుతుంది దానికి. పాపని "ఇలా రా తల్లీ" అని మామూలు గొంతుతో పిలవండి, లేదా కుక్కని పేరు పెట్టి మీ దగ్గరికి పిలవండి. గుర్రుమన్నందుకు దాన్ని కొట్టడం, తిట్టడం అస్సలొద్దు, మా నాన్నగారి తరం వాళ్ళు చెప్పేది అదే అనుకోండి, "మన కుక్క మన పిల్లల మీదే గుర్రుమంటుందా, ఒక్కటెయ్యి" అని. ఒక్కటేస్తే గుర్రు ఆగుతుందేమో గానీ పాప వాటేసుకుంటే దానికి ఉండే ఇబ్బంది ఎక్కడికీ పోదు, రేపు ఆ గుర్రు కూడా లేకుండా నేరుగా పంటి దాకా వెళ్ళొచ్చు.

పాపకి ఏం నేర్పాలంటే, వాటేసుకోవడం బంద్, కుక్కల్లో ఎక్కువ శాతానికి అది నచ్చదు, మనవాళ్ళని ఏదో ఓర్చుకుంటాయి. పాప కూర్చోవాలి, కుక్కే దగ్గరికి రావాలి. వస్తే ఛాతీ దగ్గరో భుజం మీదో మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసెయ్యాలి. మళ్ళీ తనే మూతితో చేతిని పొడిచినా, ఒరిగినా ఇంకో మూడు సెకన్లు. అలాగే నిలబడిపోయినా, మొహం తిప్పినా, నాక్కున్నా అయిపోయింది, వదిలెయ్యాలి. మా వాడికి దీన్ని ఆటలా నేర్పాం, ఇప్పుడు "మామయ్యా, బుజ్జి నాలుక పెట్టింది, నేను ఆపేశా" అని వాడే రిపోర్ట్ ఇస్తాడు. అయినా పెద్దవాళ్ళు పక్కన లేకుండా ఇద్దర్నీ వదలం.

చివరిగా మీ పోస్ట్ చదవగానే నాకు తట్టింది వేరే ఉంది. నాలుగేళ్ళుగా ఎవరినీ ఏమీ అనని ల్యాబ్, మెడ చుట్టూ చేతులేస్తే గుర్రుమంది అంటే ముందు చెవులు చూపించండి. వేలాడే చెవులు, ఈత, స్నానం తడి, పైగా మన ఉక్క, ల్యాబ్‌లకి చెవి ఇన్ఫెక్షన్ చాలా కామన్, వాటేసుకుంటే ఆ చెవి నలుగుతుంది. తల పదేపదే విదిలిస్తోందా, ఒక పక్కకి వంచుతోందా, చెవి ఎత్తితే లోపల ఎర్రగా ఉండి పుల్లటి వాసనో గోధుమరంగు జిడ్డో ఉందా చూడండి. తోక మొదల్లో గట్టిగా ఉండి మిగతాది జీవం లేనట్టు వేలాడుతుంటే అది కూడా భయం అనుకోకండి, ల్యాబ్‌లకి ఎక్కువగా ఈత కొట్టాకో బాగా పరిగెత్తాకో తోక కండరం పట్టేస్తుంది, లింబర్ టెయిల్ అంటారు, ఎక్కువగా కొన్ని రోజుల్లో తగ్గుతుంది గానీ ఆ రోజుల్లో దాని తోక చూసి మూడ్ చెప్పలేం. చెవి సంగతి అయితే ఇయర్‌బడ్ పెట్టి గెలకడం, మనుషుల చుక్కల మందు పోయడం చేయొద్దు. డాక్టర్ లోపల లైట్ వేసి కర్ణభేరి బాగుందో లేదో చూసి, స్వాబ్ తీసి ఈస్టా బ్యాక్టీరియానా తేల్చాకే చుక్కలు రాస్తారు. అది తగ్గేదాకా పాపని మెడ దగ్గర అస్సలు ముట్టుకోనివ్వకండి.