బీటా గ్లోబిన్ ప్రొమోటర్‌లో ఒక్క అక్షరం మారితే

ప్రశ్న: టాటా బాక్స్ దగ్గర పాలిమరేజ్ కూర్చుంటే ట్రాన్స్‌క్రిప్షన్ మొదలవుతుంది కదా, మరి ఎన్‌హాన్సర్ దేనికి? ఎక్కడో వేల బేస్‌ల దూరంలో ఉండి అది ఏం చేస్తుంది? టీఎఫ్‌2ఏ, 2బీ, 2డీ వరుస ఎంత చదివినా గుర్తుండటం లేదు. డిగ్రీ రెండో సంవత్సరం.

జవాబు: నేను కొన్నేళ్లు ఒక ప్రయోగశాలలో తలసేమియా నమూనాల సీక్వెన్సింగ్ చూశాను. ఈ పాఠం నాకు నిజంగా అర్థమైంది అక్కడే, బీటా గ్లోబిన్ జన్యువు దగ్గర.

ఒకసారి ఒక నమూనా వచ్చింది. హిమోగ్లోబిన్ ఏ2 ఎక్కువగా ఉంది, అంటే బీటా తలసేమియా వాహకుల లక్షణం. కానీ ప్రోటీన్‌కు సంకేతమిచ్చే భాగమంతా శుభ్రంగా ఉంది. జన్యువు ముందు భాగానికి వెళ్తే, ఒకచోట నీలం శిఖరం, ఎరుపు శిఖరం ఒకదానిపై ఒకటి కనిపించాయి. అంటే ఒక క్రోమోజోములో C, రెండోదానిలో T. సాఫ్ట్‌వేర్ దానికి `c.-138C>T` అని పేరు పెట్టింది. ప్రొమోటర్ పటంలో -138 దగ్గర వెతికి, అక్కడ ముఖ్యమైనదేమీ లేదని రాసేశాను. అది తప్పు. ఆ పేరులోని లెక్క ప్రోటీన్ సంకేతం మొదలయ్యే ATG నుంచి మొదలవుతుంది, ప్రొమోటర్ లెక్క ట్రాన్స్‌క్రిప్షన్ మొదలయ్యే బేస్ నుంచి. ఈ జన్యువులో ఆ రెంటి మధ్య 50 బేస్‌లున్నాయి. కాబట్టి అది -88వ స్థానం. భారతీయుల్లో కనిపించే మార్పే అది. నివేదిక బయటికి వెళ్లకముందే మా సీనియర్ దిద్దించారు.

-88 దగ్గర ఉన్నది CACCC అనే చిన్న వరుస. కేఎల్ఎఫ్1 అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది. ఆ ప్రోటీన్ ప్రధానంగా ఎర్ర రక్తకణాలుగా మారే కణాల్లోనే ఉంటుంది. టాటా బాక్స్ అయితే -30 పరిసరాల్లో, చెక్కుచెదరకుండా ఉంది. అయినా జన్యువు మందగించింది. అంటే టాటా బాక్స్ ఉండటం ఒక్కటే సరిపోదు. -28 దగ్గర A బదులు G వచ్చే మరో మార్పు నేరుగా టాటా బాక్స్‌నే చెడగొడుతుంది. అప్పుడూ ఆర్‌ఎన్‌ఏ తగ్గుతుందే తప్ప పూర్తిగా ఆగిపోదు. అందుకే ఈ రెండు మార్పులవల్ల వచ్చే తలసేమియా సాధారణంగా తేలికగా ఉంటుంది.

ఇక వరుస సంగతి. బట్టీ పట్టకండి, ఎవరి పనివల్ల ఎవరికి చోటు దొరుకుతుందో చూడండి. టీఎఫ్‌2డీలోని టీబీపీ టాటా బాక్స్‌ను పట్టి డీఎన్‌ఏను దాదాపు 80 డిగ్రీలు వంచుతుంది. టీఎఫ్‌2ఏ ఆ పట్టును నిలబెడుతుంది. ఆ వంపు దగ్గర టీఎఫ్‌2బీ కూర్చుంటుంది. పాలిమరేజ్-2 ఎక్కడ నిలబడాలో, ఎక్కడ మొదలుపెట్టాలో నిర్ణయించడంలో దానిదే పెద్ద పాత్ర. పాలిమరేజ్ టీఎఫ్‌2ఎఫ్‌ను వెంటబెట్టుకుని వస్తుంది. తర్వాత టీఎఫ్‌2ఈ వచ్చి టీఎఫ్‌2హెచ్‌ను రప్పిస్తుంది. ఈ చివరిది ఏటీపీ ఖర్చుపెట్టి డీఎన్‌ఏ పోగులను విప్పుతుంది, పాలిమరేజ్ తోకకు ఫాస్ఫేట్లు తగిలిస్తుంది. ఆ తోక ప్రొమోటర్‌తో పట్టు వదులుకుంటేనే పాలిమరేజ్ ముందుకు కదులుతుంది.

ఈ ఫ్యాక్టర్లన్నీ చర్మకణంలోనూ ఉన్నాయి. అయినా అక్కడ బీటా గ్లోబిన్ తయారు కాదు. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. బీటా జన్యువుకు సుమారు 50 వేల బేస్‌ల ఎగువన లోకస్ కంట్రోల్ రీజియన్ అనే శక్తిమంతమైన ఎన్‌హాన్సర్ల గుంపు ఉంది. ఎర్రకణాల పూర్వకణాల్లో గాటా1, కేఎల్ఎఫ్1 వంటి ప్రోటీన్లు దాన్ని పట్టుకుంటాయి. మధ్యలోని డీఎన్‌ఏ ఉచ్చులా వంగి, ఎన్‌హాన్సర్ ప్రొమోటర్ పక్కకు చేరుతుంది. మీడియేటర్ అనే పెద్ద ప్రోటీన్ సముదాయం ఆ రెంటికీ వంతెన. దూరం వరుసలో కొలిస్తే ఎక్కువ, కేంద్రకంలో కాదు.

1980ల తొలినాళ్లలో నెదర్లాండ్స్‌కు చెందిన ఒక కుటుంబంలో దీనికి గట్టి రుజువు దొరికింది. ఒక క్రోమోజోములో దాదాపు లక్ష బేస్‌లు ఊడిపోయాయి. బీటా జన్యువు, దాని ప్రొమోటర్ మాత్రం అలాగే మిగిలాయి. అయినా ఆ జన్యువు మూగబోయింది. దాన్ని వేరుచేసి ఇతర కణాల్లో పెడితే మామూలుగా పనిచేసింది! లోపం జన్యువులో కాదు, పోయిన ఎగువ భాగంలో ఉందన్నమాట. అది లేకపోతే ఆ ప్రాంతపు క్రోమాటిన్ మూసుకుపోయి, ప్రొమోటర్ ఎవరికీ అందుబాటులో లేకుండా ఉండిపోతుంది.

మీ ప్రశ్నలో ఒక్క మాట సవరించాలి. మనిషి జన్యువుల్లో ఎక్కువ వాటికి అసలు టాటా బాక్స్ లేదు. అలాంటి చోట్ల టీఎఫ్‌2డీలోని ఇతర ప్రోటీన్లు ఇనీషియేటర్ వంటి వరుసలను గుర్తుపట్టి ఆ పని మొదలుపెడతాయి.