వేరేవాళ్ల బ్యాంక్ స్టేట్‌మెంట్ పంపి వివరాలు తీసిమ్మంటే ఎలా కాదనాలి?

ప్రశ్న: నాది నెట్ సెంటర్. ఒకాయన వాట్సాప్‌లో ఒకావిడ బ్యాంక్ స్టేట్‌మెంట్ పంపి, జీతం, ఈఎంఐలు, ఎవరెవరికి డబ్బు వెళ్లిందో ఎక్సెల్‌లో పెట్టమన్నాడు. ఎందుకో చెప్పలేదు. మర్యాదగా ఎలా కాదనాలి?

మొదటి పేజీలో పేరు చూశారు కదా, ఇక కిందికి వెళ్లకండి. ఆయనకు ఫైల్ పాస్‌వర్డ్ తెలుసన్నంత మాత్రాన ఆవిడ ఒప్పుకున్నట్టు కాదు. కొన్ని బ్యాంకుల్లో అది పేరులో నాలుగక్షరాలు, పుట్టినతేదీ. ఇంట్లోవాళ్లు ఎవరైనా టైప్ చేసేయగలరు.

ముందు ఒక్కటే అడగండి: "ఈ పని దేనికండీ? మేడం గారితో ఒకసారి ఫోన్ చేయిస్తారా?" లోన్ కోసమో, రిటర్న్ కోసమో అయితే ఆవిడే ఒక్క నిమిషంలో చెప్తారు. జవాబు దాటేస్తే ఇలా అనండి: "ఏమనుకోకండి సార్, ఖాతాదారు చెప్పకుండా స్టేట్‌మెంట్ పని నేను చేయను. ఎవరిదైనా ఇంతే. ఫైల్ డిలీట్ చేసేస్తున్నాను." ఆయన్ని అనుమానించినట్టు ఒక్క మాటా వద్దు, నిజంగానే భార్యకు సాయం చేస్తుండవచ్చు.

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే: "జీతం బానే పడుతోంది గానీ, నేను చేయలేనండీ" అనేస్తారు. చెప్పకూడనిది అప్పటికే చెప్పేసినట్టు!

భరణం కేసు కోసమని ఆయన చెప్తే లాయర్ దగ్గరికి పంపండి. 2020లో రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు, ఇద్దరూ ఆస్తిఅప్పుల అఫిడవిట్ ఇవ్వాలని చెప్పింది. ఆ వివరాలు కోర్టు ద్వారానే వస్తాయి.

చాట్‌లో తీసేశాక డౌన్‌లోడ్స్‌, రీసైకిల్ బిన్ కూడా చూడండి. సెంటర్ సిస్టమ్ కదా, తర్వాత కూర్చునేవాళ్లకు కనిపిస్తుంది.