టెక్ సందేహాలు: ఎండాకాలంలో మొరాయించే పెరుగు మెషిన్

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. డిసెంబరులో పెరుగు మెషిన్ కొన్నాం. సంక్రాంతి దాకా గడ్డపెరుగు వచ్చింది. ఏప్రిల్ నుంచి రాత్రి పెడితే పుల్లగా అయిపోయి నీళ్లు వదిలేస్తోంది, పగలు పెడితే అసలు తోడుకోవడమే లేదు. మెషిన్ పాడైందా? వేడినీళ్ల గిన్నెలో పెట్టడమో, ఓవెన్ లైటు వేసి వదిలేయడమో నయమా?

జవాబు: పాడవలేదండీ. దాని తయారీయే అంత. ఎండలు ముదిరేసరికి ఏటా ఇదే ఫిర్యాదు వస్తుంది, ఎక్కువగా కోనసీమ, భీమవరం వైపు నుంచే.

చవక మెషిన్లలో చాలావాటికి థర్మోస్టాట్ ఉండదు. అడుగున చిన్న హీటర్ ఒకటి ఆగకుండా వెలుగుతూనే ఉంటుంది. అది పాలను ఇన్ని డిగ్రీల దగ్గర నిలబెట్టదు, గది వేడికి ఇన్ని డిగ్రీలు కలుపుతుంది, అంతే. మీ మెషిన్ 19 డిగ్రీలు కలుపుతుంది అనుకుందాం. చలికాలం రాత్రి వంటగది 22 ఉంటే డబ్బాలో 41. తోడుకోవడానికి అంతకన్నా ఏం కావాలి! ఏప్రిల్ రాత్రి వంటగది 29 ఉంటే 48. పాలు ఆ వేడికి చేరే దారిలోనే బ్యాక్టీరియా గబగబా పులిపించేస్తుంది, గడ్డ బిగుసుకుపోయి నీళ్లు వదులుతుంది. మధ్యాహ్నం 37 ఉంటే 56. ఆ వేడికి తోడులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది, పాలు పాలలాగే మిగులుతాయి. మీరు చెప్పిన రెండు లక్షణాలూ ఇవే.

నా మాట నమ్మక్కర్లేదు. పాల బదులు నీళ్లు పోసి మెషిన్ ఆన్ చేయండి. ఐదారు గంటలయ్యాక వంటింటి థర్మామీటర్ ముంచి చూడండి. ఒకసారి తెల్లవారుజామున, ఒకసారి మిట్టమధ్యాహ్నం. రెండుసార్లూ 40కీ 44కీ మధ్య ఉంటే లోపల నిజమైన థర్మోస్టాట్ ఉన్నట్టే. గదితోపాటు ఆ అంకె కూడా పెరిగితే, మీ డబ్బులు పోసి కొన్నది మూతున్న హీటర్. పెట్టె మీద ‘ఆటోమేటిక్’ అని పెద్దక్షరాల్లో వేసేవాళ్లు ఈ ఒక్క విషయం ఎందుకు వేయరో!

వేడినీళ్ల గిన్నె నయం, ఎందుకంటే దాని వేడి తగ్గుతుందే గానీ పెరగదు. తప్పు జరిగినా పెరుగు ఆలస్యంగా తోడుకుంటుంది, పాడవదు. లీటరు పాలకు నాలుగు లీటర్ల నీళ్లు తీసుకోండి. నీళ్లు 45 డిగ్రీలు, తోడు వేసిన పాలు 42 ఉంటే చాలు. పాలున్న స్టీలు గిన్నెను అందులో దించండి, బయట నీళ్లు లోపలి పాల మట్టం దాకా రావాలి. మూతపెట్టి మొత్తాన్నీ థర్మోకోల్ పెట్టెలో ఉంచండి. రొయ్యలు ఐసు వేసి పంపే పెట్టెలు మీ ఏరియాలో కొదవా, కొత్తది మాత్రం తీసుకోండి. నీళ్లు ఎంత ఎక్కువుంటే అంత నెమ్మదిగా చల్లారతాయి. చిన్న గిన్నెలో పెట్టి ‘పని చేయలేదు’ అనకండి. ఇదంతా చలికాలానికే. మే నెలలో మీ వంటగట్టే ఇంక్యుబేటర్, ఏ వేడీ పెట్టకుండా తోడు కాస్త తగ్గించి వేయండి.

ఓవెన్ లైటు చిట్కా విదేశీ వీడియోల నుంచి వచ్చింది. అక్కడి పెద్ద ఓవెన్లలో ఫిలమెంట్ బల్బు ఉంటుంది, దాని వేడే పని చేస్తుంది. మన ఓటీజీల్లో చాలావాటికి లైటు ఒక్కటే వెలిగే ఏర్పాటు ఉండదు. ఎల్ఈడీ అయితే వేడి దాదాపు రాదు. ఫిలమెంట్ బల్బు ఉన్నా అదీ గదికి ఇన్ని డిగ్రీలు కలిపే రకమే, మీ మెషిన్ జబ్బే దానికీ ఉంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే. ఈ మెషిన్ను అదుపు చేద్దామని కొందరు యాప్‌తో నడిచే స్మార్ట్ ప్లగ్ తగిలిస్తున్నారు. పేరులేని చవక ప్లగ్ యాప్ కాంటాక్ట్స్, మైక్ కూడా అడుగుతోంది. హీటర్ ఆపడానికి మీ బంధువుల నంబర్లు ఎందుకు? నిరాకరించండి. ఒప్పుకోకపోతే యాప్ తెరవనంటే ప్లగ్ వెనక్కి ఇచ్చేయండి. పాత పాస్‌వర్డే మళ్లీ పెట్టొద్దు. అది ఇంకెక్కడైనా బయటపడితే, ఎవరో మీ ఇంట్లో హీటర్ను ఎక్కడినుంచో వెలిగించగలరు. బ్యాంకు యాప్ ఉన్న ఫోన్లు వాడే వైఫైలో కాకుండా, రౌటర్లో గెస్ట్ నెట్‌వర్క్ పెట్టి అందులో కలపండి. మన దగ్గర కరెంటు పోయి వస్తుంటుంది కదా, వచ్చాక ప్లగ్ దానంతటదే ఆన్ అవుతుందా అని సెట్టింగుల్లో చూసి ‘ఆఫ్’ చేయండి.

అసలు ఇంత టెన్షన్ ఎందుకు? మీకు స్మార్ట్ ప్లగ్ అవసరమే లేదు. తిప్పితే టిక్‌టిక్‌మనే మెకానికల్ టైమర్ వైఫై అడగదు. అదీ డిసెంబరులోనే. అప్పటిదాకా మెషిన్ను అట్టపెట్టెలో ఉంచండి.